నోటీసు తగ్గించమని మెయిల్ వస్తే ఎలా చదవాలి: చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్ప్ ఫ్యాక్టరీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

పల్ప్ ఫ్యాక్టరీల యజమానులకు, మేనేజర్లకు, హెచ్‌ఆర్ పని చూసేవాళ్లకు నమస్కారం.

మామిడి సీజన్ అయిపోయాక మన ఫ్యాక్టరీల అకౌంట్స్ విభాగాల్లో రాజీనామాలు మొదలవుతాయి. జూన్, జూలైలలో ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరినప్పుడు మనసున్న ఎవరూ వెళ్లిపోరు. కాయ రాక తగ్గి, రైతుల లెక్కలు ఒక దారికి వచ్చాకే కాగితం పెడతారు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో 90 రోజుల నోటీసు అని ఉంటుంది. శ్రీసిటీలోనో చెన్నైలోనో ఉద్యోగం ఇచ్చిన కొత్త కంపెనీ నెల, నెలన్నర కంటే ఆగదు. అందుకని 'కాస్త ముందుగా రిలీవ్ చేయండి' అని మీకు మెయిల్ వస్తుంది. చాలాచోట్ల దానికి 'కుదరదు' అని ఒక్క ముక్కలో జవాబు పోతుంది, లేదంటే అసలు జవాబే ఉండదు.

నేను చాలా ఏళ్లు ఇలాంటి ఫ్యాక్టరీల్లోనే అకౌంట్స్ చూశాను. ఇప్పుడు కొన్నింటికి బయటి నుంచి పుస్తకాలు సరిచూస్తున్నాను. అందువల్ల వెళ్లేవాళ్లూ నా దగ్గరికి వస్తారు, వాళ్లను పంపాల్సినవాళ్లూ వస్తారు. ఈ మధ్య చిత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసే అమ్మాయి అలాంటి మెయిల్ రాసి, పంపే ముందు నాకు చూపించింది. ఆమె ఒప్పుకుంది కాబట్టి, పేరూ ఊరూ లేకుండా దాన్ని మీ ముందు పెడుతున్నాను. అలాంటి మెయిల్‌ను దేనితో కొలవాలో చెప్పడానికే ఈ లేఖ.

ఆమె మొదట రాసింది అందరూ రాసేదే. 'వీలైనంత త్వరగా రిలీవ్ చేయగలరు, సెప్టెంబర్ 30 అయితే బాగుంటుంది, ఇంట్లో పరిస్థితులు బాగాలేవు, కేటీ పూర్తిగా ఇస్తాను' అని నాలుగు వాక్యాలు. అందులో మేనేజర్ 'సరే' అనడానికి పట్టుకోదగింది ఏమీ లేదు. పని ఎవరికి అప్పగిస్తుందో లేదు. మిగిలిపోయే నోటీసు రోజుల సంగతి ఏమిటో లేదు. ఇంటి పరిస్థితుల మాట నిజమే అయినా, అది రాస్తే చర్చ అంతా ఆ కారణం చుట్టూ తిరుగుతుంది. 'అమ్మగారికి బాగాలేకపోతే పది రోజులు లీవు తీసుకో' అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది.

నేను ఆమెను అడిగింది ఒకటే: నీ పని ఏ తేదీల మీద నడుస్తుంది? ఆమె వేళ్ల మీద చెప్పింది. ప్రతి నెలా 7కి టీడీఎస్ కట్టాలి, 11కి జీఎస్‌టీఆర్-1, 15కి పీఎఫ్, ఈఎస్‌ఐ, 20కి జీఎస్‌టీఆర్-3బీ. వీటికి తోడు సెప్టెంబర్ 30కి ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు, అక్టోబర్ 31కి త్రైమాసిక టీడీఎస్ రిటర్న్. ప్రభుత్వం గడువు పొడిగిస్తే తప్ప ఈ తేదీలు మారవు. అకౌంట్స్‌లో అప్పగింత అంటే ఈ చుట్టు ఒకసారి పక్కన కూర్చొని చూడటం, మరుసటి నెల అదే చుట్టు తన చేత్తో తిప్పడం. పని తీసుకునే మనిషి ఆ రెండూ చేశాడా లేదా అన్నదే అసలు కొలత. నోటీసు 90 రోజులా, 60 రోజులా అన్నది దాని తర్వాతే.

ఆ లెక్కన చూస్తే సెప్టెంబర్ 30 సరైన తేదీ కాదని ఆమెకే తెలిసింది. ఆగస్టు 18న రాజీనామా ఇచ్చింది. సెప్టెంబర్‌లో జూనియర్ చూస్తాడు, సరే. తన చేత్తో చేయాల్సింది అక్టోబర్‌లో, అప్పటికి ఈమె ఉండదు. పైగా ఆడిట్ రిపోర్టు గడువు రోజే వెళ్లిపోతే, చివరి నిమిషంలో ఆడిటర్ అడిగే ప్రశ్నలకు ఫ్యాక్టరీలో జవాబు చెప్పేవాళ్లుండరు. ఆమె కొత్త కంపెనీతో మాట్లాడి, చేరే తేదీ అక్టోబర్ 13కి మార్పించుకుంది. అక్కడ ఒప్పుకున్నాకే ఇక్కడ అడిగింది. మెయిల్ ఇంగ్లిషులో రాసింది, తెలుగులో దాని సారం ఇది:

'విషయం: చివరి పనిదినం అక్టోబర్ 11గా మార్చమని విన్నపం, అప్పగింత ప్రణాళికతో.

సార్, ఆగస్టు 18న నేను ఇచ్చిన రాజీనామా ప్రకారం 90 రోజుల నోటీసు నవంబర్ 16తో పూర్తవుతుంది. అక్టోబర్ 11 సాయంత్రం నన్ను రిలీవ్ చేయమని కోరుతున్నాను. మీరు రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా నవంబర్ 16నే నా చివరి తేదీగా భావిస్తాను.

ఆగస్టు 31 లోపు రైతుల బ్యాలెన్సులన్నీ కాటా స్లిప్పులతో సరిచూసి, తేడాల జాబితా మీకు ఇస్తాను. సెప్టెంబర్‌లో నెలవారీ రిటర్నులు నేను చేస్తాను, స్టోర్స్ బిల్లులు చూస్తున్న మన అసిస్టెంట్ పక్కన కూర్చుంటారు. సెప్టెంబర్ 30 వరకు ఆడిట్ పని నాదే. అక్టోబర్ 7న టీడీఎస్, 11న జీఎస్‌టీఆర్-1 ఆయన చేస్తారు, నేను పక్కన ఉంటాను. 15న కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్‌ఐ చలానాలకు, 20 నాటి 3బీకి వివరాలు సిద్ధం చేసి వెళ్తాను. ఆ రెండు తేదీల్లో సాయంత్రం ఫోన్‌లో అందుబాటులో ఉంటాను. అక్టోబర్ 31 టీడీఎస్ రిటర్న్‌కు కావాల్సిన పాన్ వివరాలు, చలానాలు ఒకే ఫైల్‌లో పెడతాను.

తగ్గే 36 రోజుల్లో నా ఖాతాలో ఉన్న 14 ఈఎల్‌లు సర్దుబాటు చేయమని, మిగతా 22 రోజులకు అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం నోటీసు పే పట్టుకోమని కోరుతున్నాను. దీనిపై ఆగస్టు 25 లోపు మీ నిర్ణయం తెలిపితే అసిస్టెంట్‌తో సెప్టెంబర్ పని సకాలంలో మొదలుపెట్టగలను.'

ఇందులో రెండు విషయాలు మీరు ప్రత్యేకంగా గమనించాలి. మొదటిది, 'మీరు ఒప్పుకునేదాకా నవంబర్ 16నే చివరి తేదీ' అన్న మాట. అది ఉన్నంతవరకు మీకు బెదిరింపు లేదు, ఆమెకూ రక్షణ ఉంది. మెయిల్ పెట్టేసి, జవాబు రాకుండానే అక్టోబర్ 11న రావడం మానేస్తే ఫైల్‌లో 'అబ్‌స్కాండింగ్' అని పడుతుంది, రిలీవింగ్ లెటర్ రాదు. రెండోది, పని తీసుకునే మనిషిని ఆమే చూపించడం. ఇదే మీ దగ్గర ఎప్పుడూ ముడిపడే చోటు.

మేనేజర్ల నోట నేను ఎక్కువగా వినేది 'కొత్త మనిషి దొరకనీ, అప్పుడు చూద్దాం' అన్న మాట. ఆ మాటతో జరిగేదేమిటో చూశాను. ప్రకటన ఇవ్వడానికి రెండు వారాలు. ఇంటర్వ్యూలకు నెల. దొరికిన మనిషికీ తన పాత కంపెనీలో నోటీసు ఉంటుంది. చివరికి 90 రోజుల్లో ఆఖరి వారం ఆ కొత్త మనిషి వచ్చి కూర్చుంటాడు. వెళ్లేవాళ్లు రెండు రోజుల్లో అంతా నోటితో చెప్పి పోతారు. కాగితం మీద మీకు 90 రోజుల నోటీసు దక్కింది, నిజంగా జరిగిన అప్పగింత మాత్రం రెండు రోజులు. ఇప్పటికే ఉన్న అసిస్టెంట్‌కు ముందు అప్పగించండి. కొత్త మనిషి డిసెంబర్‌లో వచ్చినా, ఆ అసిస్టెంట్ నేర్పుతాడు. ఆ మూడు నెలలు అసిస్టెంట్‌కు అదనంగా ఏదైనా అలవెన్స్ ఇవ్వండి. రెండు పనులు మోయించి పాత జీతమే ఇస్తే తర్వాతి రాజీనామా అతనిదే అవుతుంది.

రైతుల బ్యాలెన్సుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన ఫ్యాక్టరీలకు మిగతా కంపెనీలకు తేడా అక్కడే ఉంది. జీఎస్‌టీ రిటర్న్ బయటి కన్సల్టెంటైనా వేస్తాడు. రైతు లెడ్జర్ మాత్రం కూర్చున్న మనిషికే తెలుస్తుంది. బంగారుపాళ్యం వైపు నుంచి తోతాపురి లోడు వస్తుంది. కాటా స్లిప్ మీద ట్రాక్టర్ డ్రైవర్ పేరు ఉంటుంది. తోట ఒకరిది, బ్యాంకు ఖాతా వాళ్లబ్బాయిది. అదే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో ఇద్దరు రైతులుంటారు. ఈ అమ్మాయి టాలీలో లెడ్జర్ పేరు పక్కన తండ్రి పేరు, ఖాతా చివరి నాలుగు అంకెలు వేసి పెట్టింది. కొన్ని లెడ్జర్లకు అదీ లేదు, ఆమె గుర్తు మీదే నడుస్తున్నాయి. 2025 సీజన్‌లో తోతాపురికి కిలోకు 8 రూపాయలు ఫ్యాక్టరీ, 4 రూపాయలు ప్రభుత్వం అని ప్రకటించినప్పుడు, ఏ రైతు ఎన్ని టన్నులు పోశాడన్న లెక్క ఎంత ముఖ్యమైందో మీకందరికీ అనుభవమే. ఆ లెక్క ఒక మనిషి తలలోంచి కాగితం మీదికి రాకుండా మనిషి వెళ్లిపోతే, బాకీ అడగడానికి వచ్చిన రైతు ముందు ఎవరూ నోరెత్తలేరు.

అందుకే ఆమెతో నేను మొదటి రెండు వారాలు పూర్తిగా దానికే పెట్టించాను. ఒక షీట్‌లో స్లిప్ నంబరు, తేదీ, స్లిప్ మీద ఉన్న పేరు, అసలు రైతు పేరు, తూకం, రేటు, ఇచ్చింది, ఇవ్వాల్సింది. స్లిప్ మీది పేరు, రైతు పేరు వేర్వేరుగా ఉన్న వరుసలకు పసుపు రంగు. ఆ పసుపు వరుసలు మేనేజర్ ముందు కూర్చొని, ఒక్కొక్కటీ చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మీ దగ్గర ఎవరు రాజీనామా ఇచ్చినా, తేదీ గురించి మాట్లాడే ముందు ఈ షీట్ అడగండి. అది తయారు చేసి ఇస్తానన్న మనిషికి నోటీసు తగ్గించడంలో మీకు నష్టం తక్కువ.

అప్పగింత నిజంగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఇంకొక గుర్తు ఓటీపీ. జీఎస్‌టీ పోర్టల్‌కు, పీఎఫ్ పోర్టల్‌కు, బ్యాంకుకు, ఈ-వే బిల్లుకు చాలా ఫ్యాక్టరీల్లో అకౌంటెంట్ సొంత మొబైల్ నంబరే ఇచ్చి ఉంటారు. మనిషి వెళ్లిపోయాక 20వ తేదీ రాత్రి రిటర్న్ వేయబోతే ఓటీపీ ఆమె ఫోన్‌కు పోతుంది. ఆమె కొత్త ఆఫీసులో మీటింగ్‌లో ఉంటుంది. ఇక్కడ అందరికీ టెన్షన్. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇవ్వడం అప్పగింత కాదు. కంపెనీ పేరున ఒక సిమ్ తీసుకొని, నంబర్లన్నీ ఆమె ఉండగానే దానికి మార్చించండి. తర్వాత అసిస్టెంట్ ఒక్కసారి ఆమె సాయం లేకుండా లాగిన్ అయి, ఒక ఈ-వే బిల్లు తీయాలి. తీయగలిగితే అయినట్టు. అలాగే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఆమె డ్రాయర్‌లో కాకుండా, ఎవరి పేరున ఉందో ఆ డైరెక్టర్ దగ్గరే ఉండాలి.

ఇక డబ్బు సంగతి. నోటీసు పే బేసిక్ మీదా, గ్రాస్ మీదా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్ చెప్పాలి. ఈ అమ్మాయి గ్రాస్ 32,400, బేసిక్ 16,200. ముప్పై రోజుల లెక్కన 22 రోజులకు గ్రాస్ మీద 23,760 అవుతుంది, బేసిక్ మీద 11,880. లెటర్‌లో 'బేసిక్' అని స్పష్టంగా ఉన్నా ఆఖరి సెటిల్‌మెంట్‌లో గ్రాస్ మీద పట్టుకున్న కేసులు నా కళ్ల ముందే ఉన్నాయి. దానిమీద 18 శాతం జీఎస్‌టీ కూడా వేసినవాళ్లున్నారు. అది తప్పు. నోటీసు పే పట్టుకోవడం మీద జీఎస్‌టీ లేదని 2022 ఆగస్టు 3 నాటి కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ స్పష్టంగా చెప్పింది. ఈఎల్ సర్దుబాటు మాత్రం ఉద్యోగి హక్కు అని నేను అనను. మీ రూల్స్‌లో ఉంటేనే, లేదా మీరు ఒప్పుకుంటేనే. ఒప్పుకుంటే మీకు పోయేది పెద్దగా లేదు, ఎలాగూ మిగిలిన ఈఎల్‌కు చాలా కంపెనీలు చివర్లో డబ్బు ఇస్తాయి.

'ఒప్పుకోకపోతే ఏం చేస్తారు, కోర్టుకు పోతాం' అనే యజమానులకు ఒక మాట. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం మనిషి సొంతంగా చేయాల్సిన కొలువును కోర్టు బలవంతంగా చేయించదు. ఒప్పందంలో ఉన్న నోటీసు పే అడగొచ్చు, నిజంగా నష్టం జరిగితే అది నిరూపించి అడగొచ్చు. అంతే. కాబట్టి ఇష్టం లేని మనిషిని 90 రోజులు కుర్చీలో కూర్చోబెట్టినా మీకు దక్కేది హాజరు మాత్రమే. రైతు లెడ్జర్ షీట్ ఆ మనిషి మనస్ఫూర్తిగా కూర్చొని చేస్తేనే వస్తుంది. మీరు ఎలాగూ వదులుకునే 36 రోజులకు బదులు ఆ షీట్ సంపాదించుకోండి.

ప్రతి మెయిల్‌కూ ఒప్పుకోమని నేను చెప్పను. మే చివర్లోనో జూన్‌లోనో ఇలా అడిగితే, పూర్తి నోటీసు ఉండమనడమే న్యాయం, రైతుకు చెల్లింపు ఆగుతుంది కాబట్టి. పని తీసుకునే మనిషి పేరు లేని ప్రణాళికకూ ఒప్పుకోవద్దు. 'నాలుగు వారాలు కేటీ' అని మాత్రమే రాసి, ఏ వారం ఏ రిటర్నో రాయకపోతే తిప్పి పంపండి, రాయమనండి. ఎగుమతి బిల్లులు చూసే మనిషి అయితే చెన్నై రేవులో ఉన్న కంటైనర్ల కాగితాలు, బ్యాంకులో డబ్బు రావాల్సిన ఇన్వాయిస్‌లు, జీఎస్‌టీ రిఫండు దరఖాస్తులు ఎక్కడిదాకా వచ్చాయో జాబితా అడగండి. ఆ జాబితా ఇవ్వలేని తేదీ నిజమైన తేదీ కాదు.

ఇది చదివే ఉద్యోగులు ఉంటే, మీకూ ఒకటి చెప్పాలి. ఐదేళ్లకు దగ్గర్లో ఉన్నవాళ్లు ముందుగా వెళ్తామని అడిగే ముందు చేరిన తేదీ చూసుకోండి. నోటీసు తగ్గించుకున్న ఆ నెల రోజుల వల్ల ఐదేళ్లు నిండకుండా పోతే గ్రాట్యుటీ పోయే ప్రమాదం ఉంది. ఆఖరి బేసిక్‌ను, డీఏ ఉంటే దాన్నీ కలిపి, 15తో గుణించి 26తో భాగించి, ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లతో మళ్లీ గుణించండి. అక్కడ పోయేది నోటీసు పే కన్నా చాలా పెద్ద మొత్తం. మేనేజర్ కారిడార్‌లో 'చూద్దాంలే అమ్మా' అన్నా, వాట్సాప్‌లో బొటనవేలు పెట్టినా ఒప్పుకున్నట్టు లెక్క వేసుకోవద్దు. కొత్త చివరి తేదీ ఉన్న మెయిల్ వచ్చాకే కొత్త కంపెనీకి మాట ఇవ్వండి.

యాజమాన్యాలను నేను కోరేది ఇది. మెయిల్ వచ్చిన వారంలోపు జవాబు ఇవ్వండి, కాదనేదైనా సరే. ఒప్పుకుంటే ఆ జవాబులో మారిన చివరి పనిదినం, పని తీసుకునే మనిషి పేరు, ఎన్ని రోజుల నోటీసు పే ఏ లెక్కన పడుతుంది, ఈఎల్ ఎన్ని సర్దుతున్నారు అన్నవి రాయండి. రెండో చుట్టు మధ్యలో అసిస్టెంట్ తడబడితే తేదీ ఒక వారం జరపడానికి ఇద్దరూ ఒప్పుకున్నట్టు కూడా రాసుకోవచ్చు. కొత్త కంపెనీ అంతవరకు ఆగుతుందో లేదో ఆ అమ్మాయి ముందే అడిగి పెట్టుకుంది.

వెళ్లే రోజున రిలీవింగ్ లెటర్ చేతిలో పెట్టండి. రాజీనామా చేసినవాళ్ల వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని 2019 వేతనాల కోడ్ అంటోంది, 45 రోజుల తర్వాత సెటిల్‌మెంట్ అన్న పాత అలవాటు మానుకోండి. పీఎఫ్ పోర్టల్‌లో ఉద్యోగం వదిలిన తేదీ కూడా వెంటనే వేయండి. మీరు వేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత గానీ ఆమె స్వయంగా వేసుకోలేదు. ఈలోపు కొత్త కంపెనీ చందా మొదలవుతుంది, పాత ఖాతా బదిలీ ఆగుతుంది, ఫోన్ మళ్లీ మీ హెచ్‌ఆర్ టేబుల్ మీదే మోగుతుంది.

ఆమె మెయిల్‌లో అడిగిన గడువు ఆగస్టు 25. సెప్టెంబర్ 7 నాటి టీడీఎస్ చలానాకు అసిస్టెంట్‌ను పక్కన కూర్చోబెట్టాలంటే ఆ తేదీ దాటకూడదు.

ఇట్లు,
చిత్తూరు నుంచి, మీ పుస్తకాలు సరిచూసే ఒక అకౌంటెంట్